వాన తినేసిన ఓవర్లు, పడాల్సిన వికెట్లు

2024 సెప్టెంబరు 29, ఆదివారం. కాన్పూర్ టెస్టు మూడో రోజు ఆట కూడా రద్దయిందని చెప్పిన కాసేపటికి గుంటూరు నుంచి మా మామయ్య ఫోన్ చేశాడు. "వాన లేదు కదరా, ఎందుకు ఆడించట్లేదు?" అన్నాడు. బౌండరీ దగ్గర నేల ఇంకా తడిగానే ఉందట మామయ్యా అన్నాను. "అయితే ఇంక డ్రాయే. రేపు టీవీ పెట్టడం కూడా దండగ" అని పెట్టేశాడు. రేడియోలో కామెంటరీ విన్న కాలం నుంచి టెస్టులు చూస్తున్న మనిషి, ఆయన మాట కాదనాలని నాకూ అనిపించలేదు. నిజమే కదా, మొదటి రోజు 35 ఓవర్లు, తర్వాత రెండు రోజులు ఒక్క బంతి కూడా లేదు, బంగ్లాదేశ్ 107కి 3, ఇంకా మొదటి ఇన్నింగ్సే అవలేదు.

ఆ మ్యాచ్ మంగళవారం లంచ్ తర్వాత కాసేపటికి ఏడు వికెట్ల తేడాతో ఇండియా గెలిచేసింది. అందరికీ గుర్తుండే ఉంటుంది, మళ్ళీ కథంతా చెప్పను. మొన్న మా బంధువుల గ్రూపులో ఒకబ్బాయి ఏదో మ్యాచ్‌కి వాన పడుతుంటే "సగం టైమ్ పోయింది, డ్రా ఛాన్స్ డబుల్" అని పెట్టాడు. అది చూశాక ఆ కాన్పూర్ ఆదివారం రాత్రి నేను నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్క గుర్తొచ్చింది. సగం టైమ్ పోతే డ్రా అవకాశం రెట్టింపవుతుందనే పద్ధతి తప్పని నా అభిప్రాయం. సెషన్‌లో ఎన్ని పరుగులొస్తాయి అనే లైన్ విషయంలో కూడా ఇదే తప్పు జరుగుతుంది, పైగా అక్కడ ఇంకాస్త పెద్దగా జరుగుతుంది. ఎందుకో ఆ మ్యాచ్‌నే పట్టుకుని చెప్తాను.

(సెషన్ లైన్ అనగానే మన ఊళ్ళలో పందేలు గుర్తొస్తాయి. నేను పందెం కాయను, ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. ఈ సెషన్‌లో ఇన్ని పరుగులు దాటడానికీ దాటకపోవడానికీ సమాన అవకాశం ఉంది అని ఎక్కడైతే గీత గీస్తామో ఆ అంకె గురించే.)

ముందు ఓవర్లు లెక్కపెడదాం

రోజుకి 90 ఓవర్లు అనేది ఆరు గంటల ఆటకి నాలుగు నిమిషాలకో ఓవర్ చొప్పున వచ్చిన అంకె. వాన వల్ల పోయిన టైమ్‌ని కూడా అలాగే, నాలుగు నిమిషాలకి ఒకటి చొప్పున కోసేస్తారు. ముందు రోజుల్లో ఆట పోతే మిగతా రోజుల్లో అరగంట పొడిగించి 98 ఓవర్ల దాకా పెడతారు. అంటే నాలుగో రోజు పొద్దున కాగితం మీద 196 ఓవర్లు ఉన్నాయి. కానీ ఇన్నింగ్స్ మారిన ప్రతిసారీ రెండు ఓవర్లు పోతాయి. ఇండియా గెలవాలంటే మూడుసార్లు మారాలి కాబట్టి ఆరు ఓవర్లు తీసేయాలి. ఇక సెప్టెంబరు చివర్లో కాన్పూర్‌లో సాయంత్రం వెలుతురు త్వరగా తగ్గిపోతుంది, టీమ్‌లు కూడా 98 ఓవర్లు పూర్తిగా వేయడం అరుదు. రోజుకి పది చొప్పున ఇంకో ఇరవై తీసేసి నేను 170 అని రాసుకున్నాను. నాలుగో రోజు నిజంగా పడినవి 85, కాబట్టి ఆ ఊహ మరీ తప్పేమీ కాదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మొదటి రోజు అసలు ఆట జరగకపోతే మిగిలిన రోజుల సంఖ్యని బట్టి ఫాలోఆన్ ఆధిక్యం 200 నుంచి తగ్గుతుంది. కాన్పూర్‌లో మొదటి రోజు 35 ఓవర్లు పడ్డాయి. అంచేత తర్వాత రెండు రోజులు పూర్తిగా పోయినా ఫాలోఆన్ 200 దగ్గరే ఆగిపోయింది. ఓవర్ల లెక్కలో ఒకే మొత్తం పోయినా, అది ఏ రోజున పోయిందనే దాన్ని బట్టి ఫలితానికి దారులు మారతాయి. కాకపోతే ఫాలోఆన్ ఆడించే వీలు ముందు బ్యాటింగ్ చేసిన టీమ్‌కే ఉంటుంది, ఇక్కడ ముందు బ్యాటింగ్ చేసింది బంగ్లాదేశ్, కాబట్టి ఇండియా గెలుపు లెక్కలో దీనికి చోటు లేదు.

ఒక్కో వికెట్‌కి ఎన్ని బంతులు

170 ఓవర్లు సరే, వాటిలో ఏం కొనాలి? బంగ్లాదేశ్ మొదటి ఇన్నింగ్స్‌లో 7, రెండో ఇన్నింగ్స్‌లో 10, మొత్తం 17 వికెట్లు. మామూలుగా నోటి లెక్కకి టెస్టుల్లో వికెట్‌కి 60 బంతులు, అంటే పది ఓవర్లు అనుకుంటే, 17 వికెట్లకి 170 ఓవర్లు. ఉన్నవన్నీ అక్కడే అయిపోయాయి, ఇండియా బ్యాటింగ్ చేయడానికి ఒక్క ఓవర్ కూడా మిగల్లేదు. మామయ్య మాట ఈ లెక్క మీదే నిలబడింది, ఆయన కాగితం పెట్టి వేయకపోయినా సరే.

కానీ అదే రెండు టీమ్‌లు వారం ముందు చెన్నైలో ఆడాయి. అక్కడ బంగ్లాదేశ్ 47.1 ఓవర్లలో 149కి, 62.1 ఓవర్లలో 234కి ఆలౌట్. మొత్తం 656 బంతులకి 20 వికెట్లు, వికెట్‌కి 33 బంతులు. దీన్నే కాన్పూర్‌కి వాడితే 17 వికెట్లకి 94 ఓవర్లు చాలు. ఒక లెక్క 170 అంటోంది, ఇంకోటి 94 అంటోంది.

ఇక్కడ నాకూ అనుమానాలున్నాయి. చెన్నై పిచ్ ఎర్రమట్టిది, కాన్పూర్‌ది నల్లమట్టి, బంతి అంత లేవదు. చెన్నై రెండో ఇన్నింగ్స్‌లో బంగ్లాదేశ్ ముందు 515 లక్ష్యం ఉంది, గెలిచే ఆశ లేని ఆటలో వికెట్ పారేసుకోవడం వేరు, డ్రా కోసం వికెట్ దాచుకోవడం వేరు. పైగా కాన్పూర్ మొదటి రోజు 35 ఓవర్లలో 3 వికెట్లే పడ్డాయి, అంటే వికెట్‌కి 70 బంతులు. ఆ మబ్బులో, ఆ తేమలో కూడా అంతే. అందుకని రెండూ కలిపేశాను: 866 బంతులకి 23 వికెట్లు, వికెట్‌కి సుమారు 38. 17 వికెట్లకి 107 ఓవర్లు. ఇది సగటు మాత్రమే. వికెట్లు గడియారంలా పడవు కాబట్టి రెండు వైపులా పాతిక ఓవర్లు అటూఇటూ ఊగుతుందని పక్కన రాసుకున్నాను. అంటే 82కీ అవ్వచ్చు, 132 కూడా పట్టచ్చు.

నిజంగా పట్టినవి 86.2 ఓవర్లు. ఇది చూపించి నేనేదో ముందే చెప్పానని అనుకోకండి, ఆదివారం రాత్రి నా నోట్‌బుక్‌లో ఉన్నది 107.

మిగతా ఓవర్లు ఎవరి చేతిలో ఉన్నాయి

ఈ లెక్కలో అసలు మలుపు ఇక్కడే వస్తుంది. 170లోంచి ఇండియా తన బ్యాటింగ్‌కి ఎన్ని వాడుకుంటుందో చూడాలి. ఆధిక్యం రావాలి, చివర్లో చిన్న లక్ష్యం ఛేదించాలి, రెండూ కలిపి 380 పరుగులనుకోండి. ఓవర్‌కి నాలుగు చొప్పున కొడితే, అది టెస్టుల్లో మంచి వేగమే, 95 ఓవర్లు పోతాయి. బౌలర్లకి మిగిలేది 75. సగటున 107 కావాల్సిన పనికి 75 ఉన్నాయి, పాతిక ఓవర్ల ఊగిసలాట ఉన్న చోట అది జరగడం పదింట ఒకసారి.

అవే 380 పరుగులని 52 ఓవర్లలో కొట్టేస్తే బౌలర్లకి 118 మిగులుతాయి. అప్పుడు పదింట ఆరు ఏడు సార్లు మ్యాచ్ గెలుస్తాం. వాన అదే, పిచ్ అదే, బౌలర్లు వాళ్ళే. ఫలితం వచ్చే అవకాశం 10 శాతం నుంచి 60 దాటింది, ఒక్క బ్యాటింగ్ వేగం మారినందుకు. ఇండియా నిజంగా వాడింది 34.4 ఓవర్లు, తర్వాత 17.2 ఓవర్లు, సరిగ్గా 52.

దీనిమీద వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, నిజాయితీగా ఒప్పుకోవాల్సిందే. ఓవర్‌కి ఏడుకి పైగా కొడతారని నాలుగో రోజు పొద్దున ఎవరికి తెలుసు? నాకు తెలీదు. ఆదివారం రాత్రి నేను రాసుకున్నది ఓవర్‌కి అయిదున్నర, అంటే 69 ఓవర్లు, బౌలర్లకి 101. అలా వేస్తే గెలుపు నాలుగు పదుల శాతం, డ్రా అరవైకి కాస్త తక్కువ. మామయ్య చెప్పిన "డ్రాయే"కి చాలా దూరం, కానీ డ్రానే ఎక్కువ. ఇప్పటికీ ఆ రోజుకి అదే సరైన అంకె అనుకుంటున్నాను.

అయిదున్నర ఎందుకు పెట్టానంటే, ఇండియాకి డ్రా ఎందుకూ పనికిరాదు కాబట్టి. సిరీస్‌లో 1-0 ముందే ఉన్నారు, ఓడినా సిరీస్ పోదు. ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్‌లో గెలిస్తే 12 పాయింట్లు, డ్రాకి 4. ఎనిమిది పాయింట్లు వదులుకోవడమా, లేక తక్కువ స్కోరుకి ఆలౌటయ్యే రిస్క్ తీసుకోవడమా అంటే ఆ టీమ్ రెండోదే ఎంచుకుంటుంది. మ్యాచ్ తర్వాత రోహిత్ శర్మ చెప్పింది కూడా అదే, తక్కువకి అవుటైపోయినా ఫర్వాలేదనే అనుకుని దిగామని. వాన టైమ్‌ని తగ్గించినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇది: ఈ డ్రా వల్ల ఎవరికి ఏం పోతుంది? ఇద్దరికీ డ్రా చాలనుకుంటే పోయిన ప్రతి ఓవర్ డ్రాకే వెళ్తుంది. ఒకరికి చాలదనుకుంటే వాళ్ళు మిగిలిన ఓవర్లని సాగదీస్తారు.

సెషన్ లైన్ ఎక్కడ దెబ్బతింటుంది

సోమవారం లంచ్‌కి బంగ్లాదేశ్ 205కి 6. ఆ సెషన్‌లో 31 ఓవర్లకి 98 పరుగులు, ఓవర్‌కి మూడు పైన. లంచ్ తర్వాత సెషన్‌కి లైన్ ఎంత పెట్టాలి? అలవాటుగా చేసేది, 28 ఓవర్లు ఉన్నాయనుకుని మూడు చిల్లరతో గుణించి 90 అనేయడం. వాన పడి ఓవర్లు తగ్గితే దాన్నే అదే నిష్పత్తిలో కోసేయడం.

నేను ఆఫీసులో టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని ఇలా వేశాను. నాలుగు వికెట్లు మిగిలాయి, అందులో ముగ్గురు టెయిలెండర్లు, కానీ మొమినుల్ సెంచరీ చేసి పాతుకుపోయి ఉన్నాడు. వికెట్‌కి పాతిక బంతులు అనుకుంటే 17 ఓవర్లు, ఓవర్‌కి 3.2 చొప్పున 54 పరుగులు. ఇన్నింగ్స్ మారడానికి రెండు ఓవర్లు. మిగిలిన తొమ్మిది ఓవర్లు ఇండియావి, అయిదున్నర చొప్పున 50. మొత్తం 104.

ఇందులో చూడాల్సింది 104 అనే అంకె కాదు. బంగ్లాదేశ్ ఆడే ప్రతి ఓవర్ మూడు పరుగులిస్తుంది, అదే ఓవర్ ఇండియా ఆడితే అయిదున్నర. కాబట్టి పదో వికెట్ ఒక్కో ఓవర్ ముందు పడిన కొద్దీ సెషన్ మొత్తం రెండు పైచిలుకు పరుగులు పెరుగుతుంది. పరుగుల లైన్ అనుకుని చూస్తున్నాం గానీ, నిజానికి అది వికెట్ ఎప్పుడు పడుతుందనే లైన్. వికెట్ పడితే పరుగులు తగ్గుతాయనే మామూలు నమ్మకం ఇలాంటి రోజున తలకిందులవుతుంది.

జరిగిందేంటంటే, చివరి నాలుగు వికెట్లు 8.2 ఓవర్లలో, 28 పరుగులకే పోయాయి. ఇండియాకి టీ లోపు 16 ఓవర్లు దొరికాయి. నా అయిదున్నర ప్రకారం 88, మొత్తం 116 అవ్వాలి. కానీ మొదటి ఓవర్‌లోనే జైస్వాల్ మూడు ఫోర్లు కొట్టాడు, తర్వాతి ఓవర్‌లో రోహిత్ తను ఆడిన మొదటి రెండు బంతుల్నీ సిక్సర్లు కొట్టాడు. ఫోన్‌లో స్కోరు చూసి, మూడు ఓవర్లకి 51 అంటే యాప్ ఏదో తప్పు చూపిస్తోందనుకుని రెండుసార్లు రిఫ్రెష్ చేశాను. టీకి 138కి 2. సెషన్ మొత్తం 166. ఆ తర్వాతి సెషన్‌లో ఇండియా మిగతా 147, బంగ్లాదేశ్ రెండో ఇన్నింగ్స్‌లో 26, కలిపి 173. ఒకే రోజున 98, 166, 173. మొదటి సెషన్ చూసి మిగతావాటికి గీత గీసినవాళ్ళెవరూ దరిదాపుల్లోకి కూడా రాలేరు. నా 104 కూడా రాలేదు, కాకపోతే ఎటువైపు తప్పుతుందో మాత్రం చెప్పగలిగింది.

మర్నాడు పొద్దున దీనికి రివర్స్. బంగ్లాదేశ్‌కి కావాల్సింది టైమ్ గడవడం, పరుగులతో పనిలేదు. నిదానంగా ఆడతారు కాబట్టి లైన్ తక్కువ పెట్టాలనిపిస్తుంది. 91కి 3 దగ్గర చూస్తే డ్రా మళ్ళీ దగ్గరకొచ్చినట్టే అనిపించింది, టెన్షన్ మొదలైంది. జడేజా వచ్చాక అది 94కి 7 అయింది. మూడు పరుగుల్లో నాలుగు వికెట్లు. నేను వాడిన "వికెట్‌కి 38 బంతులు" అనే సగటు ఇలాంటి గుత్తుల్ని చూపించలేదు. క్రీజులోకి కొత్తగా వచ్చినవాడు కుదురుకున్నవాడికంటే త్వరగా అవుటవుతాడు, కాబట్టి ఒక వికెట్ ఇంకోదాన్ని లాగుతుంది. ఆ పాతిక ఓవర్ల ఊగిసలాటని అసలు ముప్పైకి పైగా పెట్టుకోవాలి. టైమ్ తక్కువున్న మ్యాచ్‌లో ఇది గెలవాల్సిన టీమ్‌కే లాభం. సగటు వాళ్ళకి చాలకపోయినా ఆ ఊపు చాలు.

సగటు ఓవర్లు అనే భ్రమ

ఇంతదాకా చదివి, అయితే వాన పడినా ఫర్వాలేదు, దూకుడుగా ఆడితే చాలు అనుకుంటే అదీ తప్పే. రెండున్నర నెలల తర్వాత బ్రిస్బేన్ చూడండి. మొదటి రోజు 13.2 ఓవర్లే పడ్డాయి. ఆస్ట్రేలియా 445, ఇండియా 260. ఆఖరి వికెట్‌కి బుమ్రా, ఆకాశ్ దీప్ కలిసి 246 దాటించి ఫాలోఆన్ తప్పించారు. ఆఖరి రోజు ఆస్ట్రేలియా కూడా కాన్పూర్ దారే పట్టింది. 18 ఓవర్లలో 89 కొట్టి, ఏడు వికెట్లు పోగొట్టుకుని డిక్లేర్ చేసి 54 ఓవర్లలో 275 లక్ష్యం ఇచ్చింది. పది వికెట్లకి 54 ఓవర్లంటే వికెట్‌కి 32 బంతులు, చెన్నైలో మనవాళ్ళు బంగ్లాదేశ్‌ని పడగొట్టిన వేగమే. జరగని పనేం కాదు.

పడినవి 2.1 ఓవర్లు. ఇండియా వికెట్ పోకుండా 8, వెలుతురు తగ్గింది, ఆపై వాన వచ్చేసింది, ఆట అంతే.

వాన ఓవర్లని సమంగా కోయదు. 54లో సగం పోతాయని 27 అని రాసుకుంటే, ఆ 27 ఓవర్ల మ్యాచ్ ఎక్కడా జరగదు. ఒకవైపు పూర్తి 54, ఇంకోవైపు దాదాపు సున్నా. 27 ఓవర్లకి లెక్కేస్తే ఇద్దరిలో ఎవరూ గెలవరని వస్తుంది, అది తప్పు అంకె. 54 పడితే గెలుపు అవకాశం ఎంత, పడకపోతే ఎంత అని విడివిడిగా వేసి, వాన వచ్చే అవకాశంతో అప్పుడు కలపాలి. సెషన్ లైన్‌కి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సున్నా ఓవర్లు, ముప్పై ఓవర్ల మధ్య గీసిన గీత ఏ సెషన్‌కీ సరిపోదు.

ఇక ఫోన్‌లో చూపించే వాన శాతం నాకు ఇప్పటికీ పెద్ద చిక్కు. అది వాన ఎప్పుడు పడుతుందో చెప్తుంది గానీ ఆట ఎప్పుడు మొదలవుతుందో చెప్పదు. కాన్పూర్ మూడో రోజు మామయ్య అడిగిన ప్రశ్న అదే కదా, వాన లేదు కదా మరి ఎందుకు ఆడించట్లేదని. అది నేలలో నీరు ఎంత వేగంగా ఇంకుతుందనే ప్రశ్న, ఆకాశం వైపు చూస్తే జవాబు దొరకదు. అందుకని నేను ఇప్పుడు వాన పడిన మ్యాచ్‌కి మైదానం పేరు ముందు రాసుకుంటున్నాను, చివరిసారి అక్కడ వాన ఆగాక ఎన్ని గంటలకి బంతి పడిందో పక్కన రాసుకుంటున్నాను. నోట్‌బుక్‌లో ఆ కాలమ్‌లో ఇప్పటికి చాలా ఖాళీలే ఉన్నాయి.

బ్రిస్బేన్ ఆఖరి రోజు మామయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. ఆస్ట్రేలియా అప్పుడే డిక్లేర్ చేసింది. ఎన్ని ఓవర్లున్నాయని అడుగుతాడనుకున్నాను. "బంతులు లెక్కెయ్యరా, వికెట్‌కి ఎన్ని వస్తున్నాయి?" అన్నాడు. ముప్పై రెండు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అమ్మో, అయితే టీవీ ఆపకూడదు" అన్నాడు.